తుప్పులో హైడ్రోజన్ ఎక్కడుంది?

వానకు తడిసిన ఇనప గేటు మీద పట్టే తుప్పు ఒకే పదార్థం కాదు. అందులో ఇనుము, ఆక్సిజన్ రకరకాలుగా కలిసిన సమ్మేళనాలు ఉంటాయి. పసుపు, గోధుమ రంగుల్లో కనిపించేవాటిలో ముఖ్యమైనది గోథైట్. దాని ఫార్ములా FeOOH. గోడలకు పూసే జేగురుకు ఆ ఎరుపునిచ్చేది హెమటైట్, అంటే Fe₂O₃. ఇక నల్లగా ఉండి అయస్కాంతానికి అతుక్కునేది మాగ్నటైట్, Fe₃O₄. మనవాళ్లు సూదంటురాయి అన్నది దీన్నే. ఒంగోలు చుట్టుపక్కల కొండల్లోనూ ఈ ఖనిజం ఉంది.

ఈ మూడింటిలోనూ ఉన్నది ఇనుమే. కానీ అది ఎన్ని ఎలక్ట్రాన్లు వదులుకుని ఏ స్థితిలో ఉందన్నది మూడింటిలో ఒక్కలా ఉండదు. అలాగే గోథైట్‌లో ఒక హైడ్రోజన్ ఉంటే మిగతా రెండింటిలో అసలు లేదు. ఈ సంగతులు స్ఫటికం లోపలికి చూసి చెప్పాలంటే సాధారణంగా ఎక్స్‌రే వివర్తనాన్ని ఆశ్రయిస్తారు. స్ఫటికం మీద ఎక్స్‌కిరణాలు పంపి, చెదిరి వచ్చిన కిరణాల తీవ్రతలు కొలుస్తారు. పరమాణువులు ఎక్కడెక్కడ ఉంటే అలాంటి తీవ్రతలు వస్తాయో ఒక నమూనా వేస్తారు. లెక్కకూ కొలతకూ తేడా తగ్గేదాకా ఆ నమూనాను సరిచేస్తూ పోతారు. దీన్నే రిఫైన్‌మెంట్ అంటారు.

రిఫైన్‌మెంట్ ముగిసేసరికి చేతిలో పరమాణువుల స్థానాలు ఉంటాయి, వాటి మధ్య దూరాలు ఉంటాయి. ఇనుము మీద ఎంత ఆవేశం ఉందో మాత్రం అందులో రాసి ఉండదు. ఎక్స్‌కిరణాలను చెదరగొట్టేది ఎలక్ట్రాన్లు. ఇనుము పరమాణువుకు 26 ఎలక్ట్రాన్లుంటే అందులో రెండు పోయాయా మూడు పోయాయా అన్నది తీవ్రతల్లో తేలిగ్గా తేలదు. హైడ్రోజన్ సంగతి ఇంకా కష్టం. దానికున్నది ఒకే ఎలక్ట్రాన్, అదీ బంధంలోకి జరిగిపోయి ఉంటుంది. పక్కన 26 ఎలక్ట్రాన్ల ఇనుము ఉండగా దాని జాడ పట్టుకోవడం ఎక్స్‌కిరణాలకు చాలా కష్టం. కాబట్టి కొలతతో బాగా సరిపోయినట్టు కనిపించే నమూనాలో కూడా ఆక్సీకరణ స్థితి తప్పు కావచ్చు, హైడ్రోజన్ పూర్తిగా తప్పిపోయి ఉండవచ్చు.

ఈ లోటును పూడ్చడానికి స్ఫటికశాస్త్రజ్ఞులు వాడే చిన్న లెక్క బాండ్ వేలెన్స్ సమ్. బంధాల వేలెన్సీల మొత్తం అన్నమాట. దీనికి కొత్త ప్రయోగం అక్కర్లేదు. రిఫైన్‌మెంట్ ఇచ్చిన దూరాలు చాలు.

ఈ ఆలోచనకు మూలం 1929లో లైనస్ పౌలింగ్ చెప్పిన ఒక నియమం. లోహ అయాన్ తన ఆవేశాన్ని చుట్టూ ఉన్న ఆక్సిజన్లకు పంచుతుందని, ఒక్కో ఆక్సిజన్‌కు చేరిన వాటాలన్నీ కూడితే దాని వేలెన్సీ అయిన 2 రావాలని ఆయన అన్నాడు. ఆయన లెక్కలో వాటాలు సమానం. నిజ స్ఫటికాల్లో బంధాల పొడవులు సమానంగా ఉండవు కనుక పంపకమూ సమానంగా ఉండదు. మూడెకరాల పొలాన్ని ఆరుగురికి పంచేటప్పుడు దగ్గరివాళ్లకు కాస్త ఎక్కువ, దూరపువాళ్లకు కాస్త తక్కువ ఇచ్చినా మొత్తం మూడెకరాలే అయినట్టు, ఇక్కడ కూడా పొట్టి బంధానికి పెద్ద వాటా, పొడవు బంధానికి చిన్న వాటా వస్తుంది. మొత్తం మాత్రం మారదు.

ఎంత పొడవుకు ఎంత వాటా అన్నదానికి సూత్రం ఇది:

s = exp[(R₀ − R) / b]

ఇందులో R కొలిచిన బంధం పొడవు. s ఆ బంధానికి వచ్చే వాటా, అంటే బంధ వేలెన్స్. R₀ అంటే వాటా సరిగ్గా 1 అయ్యే పొడవు. ఇది ఇనుము-ఆక్సిజన్ జంటకు ఒకటి, రాగి-ఆక్సిజన్ జంటకు మరొకటి. b చాలా జంటలకు ఒకటే, 0.37 ఆంగ్‌స్ట్రాములు. ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటర్‌లో పది కోట్లవ వంతు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన ఐ. డి. బ్రౌన్, ఆయనతో కలిసి పనిచేసిన ఆల్టర్‌మాట్ అప్పటికే తెలిసిన అకర్బన స్ఫటికాల సమాచారాన్ని జల్లెడ పట్టి 1985లో ఈ R₀ విలువల పట్టిక ప్రచురించారు. ఇనుము మూడు ఎలక్ట్రాన్లు వదిలిన Fe³⁺ స్థితిలో ఉంటే R₀ 1.759. రెండే వదిలిన Fe²⁺ అయితే 1.734.

ఇప్పుడు గోథైట్ లెక్క చూద్దాం. అందులో ప్రతి ఇనుము చుట్టూ ఆరు ఆక్సిజన్లుంటాయి. మూడు దగ్గరగా, సుమారు 1.95 ఆంగ్‌స్ట్రాముల దూరంలో. మూడు కాస్త ఎడంగా, సుమారు 2.10 దూరంలో. దగ్గరి బంధం ఒకదానికి లెక్క ఇలా వస్తుంది. 1.759లోంచి 1.95 తీసేస్తే మైనస్ 0.191. దాన్ని 0.37తో భాగిస్తే మైనస్ 0.516. దాని ఎక్స్‌పొనెన్షియల్ 0.597. దూరపు బంధానికి ఇలాగే 0.398 వస్తుంది. మూడు మూడు చొప్పున కూడితే 1.79, 1.19. మొత్తం 2.98. కంప్యూటర్‌లో అయితే మూడు వరసల పని:

```
from math import exp
d = [1.95]*3 + [2.10]*3
print(round(sum(exp((1.759 - x)/0.37) for x in d), 2))
```

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. లెక్కలో ముందే Fe³⁺ అనుకుని 1.759 వేశాం. అనుకున్నదాన్నే తిరిగి రాబట్టుకున్నామా అన్న అనుమానం సహజం. అందుకే అనుభవం ఉన్నవాళ్లు రెండో ఊహతోనూ లెక్క వేస్తారు. Fe²⁺ అనుకుని 1.734 పెడితే మొత్తం 2.79 వస్తుంది. రెండు అనుకుంటే దాదాపు 2.8 వచ్చిందంటే ఆ ఊహ నిలవలేదన్నమాట. మూడు అనుకుంటే 2.98 వచ్చింది, నిలిచింది. ఏ ఊహ తనకు తాను సరిపోతుందో అదే జవాబు. రెండు R₀ల మధ్య తేడా చిన్నది కాబట్టి మొదటి ఊహ తప్పయినా లెక్క మనల్ని పెద్దగా పక్కదారి పట్టించదు.

సమన్వయ సంఖ్య, అంటే లోహం చుట్టూ ఎంతమంది పొరుగువాళ్లున్నారన్నది కూడా ఇదే సూత్రాన్ని తిరగేస్తే పరీక్షకు నిలుస్తుంది. Fe³⁺ ఆరు ఆక్సిజన్లకు సమానంగా పంచితే ఒక్కో వాటా సగం, బంధం పొడవు దాదాపు 2.02 ఆంగ్‌స్ట్రాములు ఉండాలి. నలుగురికే పంచితే వాటా ముప్పావు, పొడవు 1.87కు దిగాలి. Fe²⁺ ఆరుగురికి పంచితే 2.14కు పెరగాలి. Fe²⁺ ఆక్సైడ్ అయిన వుస్టైట్‌లో కొలిచిన దూరం సుమారు 2.15. పొరుగువాళ్లను ఎంత దూరం దాకా లెక్కించాలన్న చిక్కు కూడా ఇనుము విషయంలో పెద్దగా రాదు. 3 ఆంగ్‌స్ట్రాముల దూరంలో ఉన్న ఆక్సిజన్ వాటా 0.035 మాత్రమే. బేరియం, పొటాషియం లాంటి పెద్ద అయాన్ల దగ్గర మాత్రం దూరపు చుట్టాల చిన్న చిన్న వాటాలు కలిసి గట్టి మొత్తమే అవుతాయి. వాటిని మధ్యలో తెగ్గొడితే లెక్క తప్పుతుంది.

చాలామంది లోహం దగ్గర లెక్క సరిపోగానే ఫైలు మూసేస్తారు. గోథైట్‌లో అసలు కథ ఆక్సిజన్ల దగ్గర ఉంది.

ఈ స్ఫటికంలో ఆక్సిజన్లు రెండు రకాలు. ప్రతి ఆక్సిజన్ మూడు ఇనుములకు అంటుకుని ఉంటుంది. మొదటి రకానికి మూడూ పొట్టి బంధాలే. రెండో రకానికి మూడూ పొడవు బంధాలే. కాబట్టి మొదటిదానికి చేరిన మొత్తం 1.79, రెండోదానికి 1.19. ఆక్సిజన్‌కు రావాల్సింది 2. మొదటిదానికి కాస్త తక్కువైంది, రెండోదానికి దాదాపు సగం ఎగిరిపోయింది. ఇనుము తన మూడూ ఇచ్చేసింది కాబట్టి మిగతాది ఇంకెవరో ఇవ్వాలి. నమూనాలో కనబడని ఆ దాత హైడ్రోజన్. దానికున్న వేలెన్సీ 1. అది ఒక ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుని, ఎదురుగా ఉన్న మరో ఆక్సిజన్‌తో బలహీనమైన హైడ్రోజన్ బంధం కలుపుకుంటుంది. ఇలాంటి చోట బ్రౌన్ వాడిన సాధారణ పంపకం 0.8, 0.2. గోథైట్ అంకెలకు వీటిని కలిపి చూడండి. రెండో రకం ఆక్సిజన్‌కు 1.19, 0.8 కలిసి 1.99. మొదటి రకానికి 1.79, 0.2 కలిసి 1.99.

అంటే హైడ్రోజన్ ఎవరి దగ్గర ఉంది, ఎవరి వైపు చేయి చాచింది అన్నది దాన్ని చూడకుండానే తేలిపోయింది. న్యూట్రాన్లకు హైడ్రోజన్ చక్కగా కనిపిస్తుంది. ఆ కొలతల్లోనూ హైడ్రోజన్ ఈ రెండో రకం ఆక్సిజన్ పక్కనే దొరికింది. ప్రయోగశాలల్లో ఈ లెక్కకు ఎక్కువ గిరాకీ ఇలాంటి చోటే. లోహాలకు మాత్రమే అతుక్కున్న ఆక్సిజన్ మొత్తం 2 దగ్గర ఉంటే అది మామూలు ఆక్సైడ్. 1 దగ్గర ఉంటే హైడ్రాక్సిల్. ఇంకా కిందికి, 0.3, 0.4 దగ్గర తేలితే అది నీటి అణువు అయివుండాలి. ఖనిజశాస్త్రంలో కొత్త ఖనిజం ఫార్ములా రాసే ముందు ఈ జాబితా వేసి చూడటం మామూలే.

హెమటైట్‌తో పోలిస్తే ఈ పరీక్ష పదును తెలుస్తుంది. హెమటైట్‌లోనూ ఇనుము చుట్టూ ఆరు ఆక్సిజన్లే. దూరాలు మూడు 1.945, మూడు 2.115. గోథైట్‌కు దాదాపు అచ్చు గుద్దినట్టున్నాయి. ఇనుము మొత్తం 2.96. ఇనుము వైపు నుంచి చూస్తే ఈ రెండు ఖనిజాలను వేరుచేయడానికి దాదాపు ఏమీ లేదు. ఆక్సిజన్ వైపు తిరిగితే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. హెమటైట్‌లో ప్రతి ఆక్సిజన్‌కూ నలుగురు ఇనుములు, రెండు పొట్టి బంధాలు, రెండు పొడవు బంధాలు. కూడితే 1.97. ఎవరికీ లోటు లేదు, హైడ్రోజన్‌కు చోటూ లేదు.

ఇంతవరకూ అంకెలన్నీ ముచ్చటగా కుదిరాయి. మాగ్నటైట్ దగ్గరికి వచ్చేసరికి లెక్క చదవడంలో నేర్పు కావాలి.

Fe₃O₄లో నాలుగు ఆక్సిజన్లకు ఎనిమిది వేలెన్సీలు కావాలి, ఇనుములేమో మూడే. కాబట్టి రెండు Fe³⁺, ఒకటి Fe²⁺ అయితే సరిపోతుంది. స్ఫటికంలో ఇనుముకు రెండు రకాల చోట్లున్నాయి. ఫార్ములాకు ఒకటి చొప్పున నాలుగు ఆక్సిజన్ల మధ్య కూర్చుంటుంది, దూరం 1.889. మిగతా రెండూ ఆరు ఆక్సిజన్ల మధ్య, దూరం 2.059. నాలుగింటి మధ్య ఉన్నదాన్ని Fe³⁺ అనుకుని లెక్క వేస్తే మొత్తం 2.81. ఆరింటి మధ్య ఉన్నదానికి Fe²⁺ విలువతో 2.49, Fe³⁺ విలువతో 2.67. రెండింటికీ మధ్య R₀ తీసుకుంటే సుమారు 2.58. అంటే ఆ చోట రెండూ కాదు, మూడూ కాదు, రెండున్నరకు దగ్గర. మామూలు ఉష్ణోగ్రతలో ఆ చోట్ల Fe²⁺, Fe³⁺ విడివిడిగా గుర్తుపట్టలేనంతగా ఎలక్ట్రాన్ వాటి మధ్య తిరుగుతుందన్న పాత అవగాహనతో ఇది సరిపోతుంది.

మరి నాలుగింటి మధ్య ఉన్న ఇనుముకు 3 రావాల్సింది 2.81 ఎందుకొచ్చింది? దాని ఆవేశం నిజంగానే తగ్గిందనుకోవచ్చా? మాస్‌బవర్ కొలతలు అక్కడున్నది Fe³⁺ అనే చెబుతాయి. జవాబు మొత్తాల పొందికలో ఉంది. 2.81కి రెండు 2.58లు కలిపితే 7.97, కావాల్సిన ఎనిమిదికి దాదాపు సరిగ్గా వచ్చింది. ఒక చోట తగ్గింది మరో చోట పెరిగింది. Fe³⁺ నలుగురి మధ్య కోరుకునే దూరం 1.87, దొరికింది 1.889. ఆరుగురి మధ్య ఉన్న ఇనుముకు కావాల్సింది దాదాపు 2.08, దొరికింది 2.059. రెండు రకాల ఇనుములూ ఒకే ఆక్సిజన్ల వలను పంచుకోవాలి కాబట్టి ఒకరి బంధాలు కాస్త సాగాయి, మరొకరివి కాస్త నలిగాయి. ఇది స్ఫటికం లోపలి ఒత్తిడి. ఆవేశం మారడం కాదు, రిఫైన్‌మెంట్ తప్పూ కాదు. ఒక పరమాణువు మొత్తం తగ్గితే దానికి దీటుగా పొరుగున ఎక్కడైనా పెరిగిందా, ఆక్సిజన్ల మొత్తాలు 2 దగ్గరే ఉన్నాయా అని చూడటమే దీన్ని గుర్తించే దారి. మాగ్నటైట్‌లో ఆక్సిజన్ మొత్తం 1.99. అలా కాకుండా ఒకే పరమాణువు దగ్గర 0.3, 0.4 లోటు కనిపించి, దాన్ని పూడ్చేవాళ్లెవరూ లేకపోతే నమూనాను మళ్లీ తెరవాల్సిందే. అక్కడ హైడ్రోజన్ తప్పిపోయి ఉండొచ్చు, లోహం పేరే తప్పు రాసి ఉండొచ్చు.

తప్పులు వేరే దారుల్లోనూ వస్తాయి. ఎక్స్‌పొనెన్షియల్ కాబట్టి దూరంలో చిన్న పొరపాటు కూడా మొత్తంలో పెద్దదై కనిపిస్తుంది. బంధాలన్నీ 0.02 ఆంగ్‌స్ట్రామ్ ఎక్కువగా కొలిచామంటే మొత్తం అయిదు శాతం పైగా పడిపోతుంది. Fe³⁺కు 3 బదులు దాదాపు 2.84 వస్తుంది. పొడి నమూనాల మీద చేసే రిఫైన్‌మెంట్‌లో ఆక్సిజన్ స్థానం ఆ మాత్రం తప్పడం వింతేమీ కాదు. అందుకే 0.1, 0.2 తేడాల మీద పెద్ద వాదనలు కట్టే ముందు దూరాల అనిశ్చితిని చూసుకోవాలి. పట్టికల్ని కలగలపడం మరో పొరపాటు. 2015లో గన్యే, హాథోర్న్ అనే శాస్త్రవేత్తలు ఆక్సిజన్ బంధాలకు కొత్త పట్టిక ఇచ్చారు. అందులో b కూడా జంటజంటకూ మారుతుంది. వారి R₀ తీసుకుని పాత 0.37 పెడితే వచ్చే అంకెకు అర్థం లేదు.

కొన్నిచోట్ల దూరాలు కచ్చితంగా ఉన్నా లెక్క మోసం చేస్తుంది. ఆరు నైట్రోజన్ల మధ్య Fe²⁺ ఉన్న కొన్ని సమ్మేళనాలను చల్లబరిస్తే లోపలి ఎలక్ట్రాన్లు జంటకట్టి, బంధాలు దాదాపు 0.2 ఆంగ్‌స్ట్రామ్ పొట్టివవుతాయి. ఆ మార్పు ఒక్కటే మొత్తాన్ని 70 శాతం పెంచేస్తుంది. ఇనుము మాత్రం రెండు ముందూ Fe²⁺, తర్వాతా Fe²⁺. పట్టికలోని R₀ ఏ స్పిన్ స్థితికి తయారు చేశారో చూడకుండా లెక్క వేసినవాళ్లకు అక్కడ ఆక్సీకరణ జరిగినట్టు కనిపిస్తుంది. అలాగే ఒకే చోటును రెండు రకాల పరమాణువులు పంచుకుంటే ఎక్స్‌కిరణాలు చూపేది సగటు స్థానమే. సగటు దూరాల మీద వేసిన మొత్తం ఆ రెండింటిలో ఎవరిదీ కాదు.

సగటు అనే ఈ ముడి మాగ్నటైట్‌లోనే చాలాకాలం బిగుసుకుని ఉంది. సుమారు మైనస్ 150 డిగ్రీల సెల్సియస్ దగ్గర మాగ్నటైట్ విద్యుత్ వాహకత ఒక్కసారిగా దాదాపు వంద రెట్లు పడిపోతుంది. నెదర్లాండ్స్‌కు చెందిన ఎవర్ట్ వెర్వే 1939లో దీన్ని వివరిస్తూ, చలికి ఎలక్ట్రాన్లు ఆగిపోయి ఆరుగురి మధ్య చోట్లలో Fe²⁺, Fe³⁺ వరసగా సర్దుకుంటాయని ప్రతిపాదించాడు. అది నిజమైతే కొన్ని చోట్ల బంధాలు పొడవై మొత్తం 2కు దిగాలి, మరికొన్ని చోట్ల 3కు ఎక్కాలి. పరీక్షించాలంటే చల్లని స్ఫటికం నిర్మాణం కావాలి. అదే దొరకలేదు. చల్లబరచగానే స్ఫటికం ఎన్నో దిశల్లో తిరిగిన చిన్న చిన్న ముక్కలుగా చీలిపోయి వాటి వివర్తనాలు ఒకదాని మీద ఒకటి పడతాయి.

2001లో రైట్, ఆట్‌ఫీల్డ్, రాడేలీ 90 కెల్విన్ల దగ్గర, అంటే మైనస్ 183 డిగ్రీల వద్ద, పొడి నమూనా మీద ఎక్స్‌రే, న్యూట్రాన్ కొలతలు రెండూ కలిపి కొంత సరళం చేసిన నమూనాను రిఫైన్ చేశారు. ఆ దూరాలతో బాండ్ వేలెన్స్ మొత్తాలు వేస్తే చోట్లు రెండు గుంపులుగా విడిపోయాయి. అయితే 2, 3 కాదు, సుమారు 2.4, 2.6. ఇది ఆవేశాల వరసకు సాక్ష్యమా, లేక 0.2 తేడా దేనికీ చాలదా అన్న వాదన ఏళ్ల తరబడి సాగింది.

2012లో సెన్, రైట్, ఆట్‌ఫీల్డ్ ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ సింక్రొట్రాన్‌లో సుమారు 40 మైక్రోమీటర్ల మాగ్నటైట్ రేణువు ఒకదాన్ని ఎంచుకున్నారు. అది చల్లబడినా దాదాపు ఒకే ముక్కగా నిలిచింది. పూర్తి నిర్మాణంలో ఆరుగురి మధ్య చోట్లే పదహారు రకాలు తేలాయి. మొత్తాలను బట్టి చూస్తే ఎనిమిది Fe²⁺ వైపు, ఎనిమిది Fe³⁺ వైపు మొగ్గాయి. వెర్వే మాట స్థూలంగా నిజమే. కానీ మొత్తాలు పూర్తిగా 2కు, 3కు చేరకపోవడానికి కారణం ఇనుము-ఇనుము దూరాల్లో కనిపించింది. చాలా Fe²⁺లు అటొకటి ఇటొకటి ఉన్న రెండు ఇనుములను తమవైపు లాక్కున్నాయి. ఆరో ఎలక్ట్రాన్ ఒక్క పరమాణువు దగ్గరే ఉండిపోకుండా మూడింటి వరస మీద కొంతకొంత పరుచుకుంది. ఆ మూడింటి గుంపుకు వాళ్లు ట్రైమెరాన్ అని పేరు పెట్టారు.